పాత బందరు రేవులో ఒక దృశ్యం: కాలం తప్పకుండా రాయడం ఎలా

ముందు ఈ పేరా చదవండి.

"1640 అక్టోబరు. మచిలీపట్నం రేవు జనంతో కిటకిటలాడుతోంది. రాయలసీమ నుంచి వచ్చిన తిమ్మన్న, ఒడ్డుకు ఆనుకొని నిలబడిన ఇంగ్లీషువాళ్ల పెద్ద ఓడను కన్నార్పకుండా చూస్తున్నాడు. కూలీలు మెట్ల మీదుగా గుడ్డల మూటలు ఓడలోకి ఎక్కిస్తున్నారు. పక్కనే కోట బురుజు మీద జెండా రెపరెపలాడుతోంది. 'ఇంకో అరగంటలో ఓడ కదులుతుంది, తొందరగా కానివ్వండి' అని అరిచాడు దుబాసి. తిమ్మన్న వేరుశెనక్కాయలు నములుతూ, ఈ తెల్లవాళ్లు మన దేశాన్ని దోచుకుపోతున్నారని పళ్లు కొరికాడు. చీకటి పడుతుంటే ఎవరో లాంతరు వెలిగించారు. తిమ్మన్న జేబులోంచి రూపాయి తీసి దుబాసి చేతిలో పెట్టి, ధన్యవాదాలు అన్నాడు."

కడప, కర్నూలు, అనంతపురం వైపు చారిత్రక కథ మొదలుపెట్టేవాళ్లు సాధారణంగా చేసే తప్పులన్నీ ఒకచోట చేర్చి నేను అల్లిన పేరా ఇది. చదవడానికి ఎక్కడా అడ్డు తగలదు. అందుకే ఇలాంటివి అచ్చుదాకా వెళ్లిపోతాయి. మనకు సముద్రం దూరం. రేవు అనగానే సినిమాల్లో చూసిన రేవే కళ్లముందుకు వస్తుంది, అదే రాసేస్తాం. ఇప్పుడు ఈ పేరానే పట్టుకొని మొదటి నుంచి చివరిదాకా సరిచేద్దాం. మీ కథలో ఊరు, సంవత్సరం వేరైనా చేయాల్సిన పని ఇదే వరసలో ఉంటుంది.

మొదట సంవత్సరం కాదు, నెల ఖాయం చేసుకోండి

1640 అని రాయడం తేలిక. ఓడరేవు కథలో అంతకంటే ముఖ్యమైనది నెల, ఎందుకంటే తెరచాప ఓడ గాలి చెప్పినప్పుడే కదులుతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తూర్పు తీరంలో తుఫానుల కాలం. ఆ రోజుల్లో ఓడలవాళ్లు ఈ తీరంలో లంగరు వేసి నిలబడటానికే భయపడేవాళ్లు. 1618 నుంచి 1622 దాకా మచిలీపట్నంలో ఉన్న ఇంగ్లీషు వర్తకుడు విలియం మెథోల్డ్ రాసి పెట్టిన దాని ప్రకారం బంగాళాఖాతానికి అవతలున్న ఆచే, పెగూ, అరకాన్, తెనాసరి వైపు ఓడలు సెప్టెంబరులో బయలుదేరి ఏప్రిల్‌లో తిరిగి వచ్చేవి. ఎర్రసముద్రంలోని మోఖాకు పోయేవి జనవరిలో కదిలి సెప్టెంబరు, అక్టోబరులలో తిరిగి చేరుకునేవి. మన పేరాలో అక్టోబరులో హడావుడిగా సరుకు ఎక్కిస్తున్నారు. ఆ ఒక్క మాటతో దృశ్యమంతా కూలిపోయింది.

కాబట్టి తిమ్మన్నను జనవరిలో రేవుకు తీసుకొద్దాం. మోఖా ఓడకు సరుకు ఎక్కుతున్న రోజులు అవి.

తిమ్మన్నకు జనవరి అన్న మాట తెలియదు, 1640 అన్న అంకె కూడా తెలియదు. అతనికి తెలిసింది సంవత్సరం పేరు, మాసం, తిథి. ఆ పేరు కనుక్కోవడం కష్టమేమీ కాదు. మన సంవత్సరాల పేర్లు అరవై ఏళ్లకొకసారి తిరిగి వస్తాయి. 2000 ఉగాదికి మొదలైంది విక్రమ. అందులోంచి అరవైలు తీసేస్తూ పోతే 1640 ఉగాది కూడా విక్రమే. మన దృశ్యం జనవరిలో కదా, అంటే ఇంకా ఉగాది రాలేదు. కాబట్టి నడుస్తున్నది అంతకుముందుదైన ప్రమాథి, మాసం పుష్యం. ఉగాదికి ముందా తర్వాతా అన్నది చూసుకోకుండా పేరు వేసేవాళ్లు చాలామంది ఉన్నారు. ఇక్కడే ఒక ఏడాది తేడా వస్తుంది.

గంటలు, నిమిషాలు కూడా ఇలాగే. "ఇంకో అరగంటలో" అని దుబాసి అనడు. పగటిని జాములుగా, గడియలుగా లెక్కపెట్టేవాళ్లు. గడియ అంటే 24 నిమిషాలు, జాము అంటే మూడు గంటలు. అడుగున సన్నని చిల్లు ఉన్న రాగిగిన్నెను నీళ్లలో వదిలితే అది నిండి మునిగేసరికి ఒక గడియ అయినట్టు. రేవులో అయితే ఇంతకంటే పెద్ద గడియారం సముద్రమే. నీళ్లు ఎక్కే పోటు, దిగే పాటు చూసుకొనే పడవలు కదులుతాయి. "పోటు వచ్చేలోపు" అని రాయండి. కాలమూ చెప్పినట్టు ఉంటుంది, తొందరా తెలుస్తుంది.

ఓడ ఎక్కడ నిలబడిందో చూసుకోండి

రేవు దృశ్యాల్లో అన్నిటికంటే పెద్ద పొరపాటు ఇక్కడే జరుగుతుంది. ఓడ ఒడ్డును ఆనుకొని నిలబడటం, దాని మీదికి మెట్లో పలకో వేయడం, కూలీలు నడిచి ఎక్కడం. ఇది ఆధునిక హార్బరు బొమ్మ. 1640లో మచిలీపట్నంలో అలాంటి కట్టడమే లేదు. తీరం దగ్గర నీళ్ల లోతు తక్కువ. పెద్ద ఓడలు ఒడ్డుకు బాగా దూరంగా, నడిసముద్రంలో లంగరు వేసేవి. సరుకంతా చిన్న పడవల్లో ఏటి మొగ గుండా అక్కడికి పోవాలి. ఏటి నోటి దగ్గర ఇసుకమేట ఉంటుంది, పోటు మీద తప్ప బరువు పడవలు దాటలేవు.

ఈ ఒక్క సంగతి తెలిస్తే దృశ్యం రూపమే మారిపోతుంది. తిమ్మన్న ఓడను దగ్గరగా చూడలేడు. దూరంగా మూడు తెరచాప కొయ్యలు కనిపిస్తాయి, అంతే. తన సరుకు ఓడలోకి చేరిందో లేదో కళ్లారా చూసే వీలు లేదు, పడవవాడి మాట నమ్మాలి. సరుకు తడిస్తే ఎవరిది నష్టం, పడవ మేట మీద ఆగితే ఎవరు బాధ్యులు, పడవ కూలి ఎవరు ఇవ్వాలి అన్న ప్రశ్నలన్నీ ఇక్కడే పుడతాయి. కథకు కావలసిన గొడవ ఇసుకమేట దగ్గరే దొరుకుతుంది. దాన్ని వదిలేసి ఓడను ఒడ్డుకు లాక్కొచ్చి కట్టేస్తే, తప్పు రాసినట్టే కాదు, మంచి సరుకును పారబోసినట్టు కూడా.

పడవ గురించి కూడా ఒక మాట. ఈ తీరంలో అలలు తట్టుకోవడానికి వాడిన పడవల్లో పలకల్ని మేకులతో కొట్టేవాళ్లు కాదు, కొబ్బరిపీచు తాళ్లతో కుట్టేవాళ్లు. అల కొట్టినప్పుడు, అడుగు నేలకు తగిలినప్పుడు పలకలు కాస్త సాగి ఊరుకుంటాయి, విరగవు. నీళ్లు మాత్రం కొంచెం కొంచెం కారుతూనే ఉంటాయి. ఒక మనిషి అదే పనిగా తోడిపోస్తుండాలి. తిమ్మన్న మూటల కింద నీళ్లు చేరడం అతనికి కనిపించాలి.

ఓడ మీద మనుషుల పేర్లు ఎక్కువ పెట్టకండి. ఓడ యజమాని తరఫు పెద్దను నాఖుదా అనేవాళ్లు. కళాసీలకు పెద్ద సరంగు. ఈ రెండూ చాలు. ఒక పేరాలో పది సముద్రపు మాటలు పోస్తే పాఠకుడికి నిఘంటువు చదివినట్టు ఉంటుంది.

ఊరి పటం ఆ ఏటిదే అయి ఉండాలి

మచిలీపట్నం వెళ్లి తిరిగి చూసొచ్చి రాయడం మంచిదే. అయితే ఇవాళ కనిపించే ఊరిలో నాలుగు శతాబ్దాలు కలిసిపోయి ఉంటాయి. వలందపాలెం డచ్చివాళ్ల పేరు మీదిది. వాళ్లు 1605లో అక్కడ వ్యాపారం మొదలుపెట్టారు. ఇంగ్లీషువాళ్లు 1611లో వచ్చారు, ఇంగ్లీషుపాలెం వాళ్లది. పరాసుపేట ఫ్రెంచివాళ్లది. వాళ్లు వచ్చింది 1669లో. 1640 కథలో తిమ్మన్న పరాసుపేటలో బస చేస్తే ఇరవై తొమ్మిదేళ్లు ముందుకు దూకినట్టే. రాబర్ట్‌సన్‌పేట మరీ తర్వాతి కంపెనీ కాలపు పేరు.

కోట కూడా అంతే. ఇవాళ బందరుకోటలో కనిపించే శిథిలాలు తర్వాతి కాలానివి. మెథోల్డ్ చూసిన ఊరు గోడ లేనిది, జనం మాత్రం కిక్కిరిసిన చిన్న ఊరు, కట్టడాలు నాసిరకం, బావులన్నీ ఉప్పునీళ్లు. బురుజు తీసేసి ఆ ఉప్పునీళ్ల బావి పెట్టండి. పెన్న చెలమనీళ్లు తాగి పెరిగిన మనిషి ఆ నీళ్లు నోట్లో పోసుకొని ఏం చేస్తాడో మన వైపు రచయితకు ఎవరూ చెప్పక్కర్లేదు.

తిమ్మన్న సొంత ఊరి పేరు దగ్గర మనం ఇంకా జాగ్రత్తగా ఉండాలి. 1640లో ఎవరూ "మాది రాయలసీమ" అనరు. ఆ పేరు 1928లో నంద్యాల సభలో చిలుకూరి నారాయణరావు పెట్టింది. దానికి ముందు దత్తమండలాలు అన్నారు. అది 1800లో నిజాము ఈ ప్రాంతాన్ని కంపెనీకి ఇచ్చేసిన తర్వాతి మాట. తిమ్మన్న "గండికోట సీమ", "సిద్ధవటం సీమ" అంటాడు. కర్నూలు వైపు మనిషైతే కందెనవోలు అంటాడు. జిల్లా, తాలూకా లాంటి పాలనమాటలు కంపెనీ కాలపు అర్థంలో వాడకండి.

ఇక్కడ రాజ్యం సంగతి కూడా చూసుకోవాలి. 1640లో గండికోట పెమ్మసాని నాయకుల చేతిలో ఉంది, వాళ్లు విజయనగరపు అరవీటి రాజుల కిందివాళ్లు. మచిలీపట్నం గోల్కొండ సుల్తాను అబ్దుల్లా కుతుబ్‌షాది. అంటే తిమ్మన్న ఒక రాజ్యం దాటి ఇంకో రాజ్యంలోకి వచ్చాడు. దారిలో సుంకాలు కట్టాడు. ఎద్దుల మీద పెరికెలు వేసుకొని వారాల తరబడి నడిచి వచ్చాడు. బండ్లు అంత దూరం, ఆ దారుల్లో రావు.

వస్తువుల్ని ఒక్కొక్కటిగా పట్టి చూడండి

పేరాలో ఉన్న ప్రతి వస్తువు కిందా గీత గీయండి. ప్రతి దానికీ మూడు ప్రశ్నలు వేసుకోండి: అప్పటికి అది ఈ దేశానికి వచ్చిందా? ఆ ఊరికి వచ్చిందా? ఈ మనిషి చేతికి వచ్చిందా? మొదటి ప్రశ్నతో ఆగిపోతేనే చిక్కు.

మన వైపు రచయితలు తడబడేది తిండి దగ్గర. వేరుశెనగ మనకు ఎంత అలవాటైందంటే అది ఎప్పుడూ ఇక్కడిదే అనిపిస్తుంది. దాని పుట్టిల్లు దక్షిణ అమెరికా. మన నేలల్లో అది విస్తారంగా పరుచుకున్నది 19వ శతాబ్దం చివరి నుంచి. టమాటా, ఉర్లగడ్డ కూడా తర్వాత వచ్చినవే. మిరపకాయ సంగతి కొంచెం వేరు. పోర్చుగీసువాళ్ల ద్వారా 16వ శతాబ్దంలోనే తీరానికి చేరింది. 1640లో రేవులో మిరపకాయ కనిపించడం తప్పు కాదు. తిమ్మన్న ఊళ్లో రోజూ కూరలో పడేదా అంటే నేనైతే మిరియాలతోనే సరిపెడతాను. సందేహం ఉన్నప్పుడు పాతదాన్ని వాడటం మేలు. సంగటి, జొన్నరొట్టె, ఉలవలు, చింతపండు, నువ్వులనూనె ఉండగా తిమ్మన్న పస్తు ఉండాల్సిన పని లేదు. పొగాకు కూడా ఫరవాలేదు. అప్పటికే గోల్కొండ రాజ్యంలో పండించేవాళ్లు.

లాంతరు అనగానే మనకు గుర్తొచ్చేది కిరసనాయిలు లాంతరు. అది 19వ శతాబ్దపు రెండో సగంలో వచ్చింది. అగ్గిపుల్లలు కూడా ఆ శతాబ్దానివే. కాబట్టి ఆముదపు దీపం, దివిటీ. నిప్పు కావాలంటే పక్కవాడి పొయ్యి నుంచి తెచ్చుకోవాలి.

డబ్బు దగ్గర కాస్త ఆగుదాం. గోల్కొండ రాజ్యంలో పెద్ద లావాదేవీలు బంగారు హొన్నుల్లో జరిగేవి. మనవాళ్లు వరహా అనేదీ ఇదే. దాని కింద మాడ, రూక, కాసు. రూపాయి మొగలుల వెండి నాణెం. దాని పెత్తనం ఇక్కడ ఊపందుకున్నది 1687లో గోల్కొండ పడిపోయిన తర్వాత. నాణెం పేరు సరిగ్గా వేస్తే సగం పనే అయినట్టు. మిగతా సగం, దాన్ని ఎవరూ ఊరికే తీసుకోరని చూపించడం. ఆ రేవులో రకరకాల రాజ్యాల నాణేలు చేతులు మారేవి, కొన్ని కత్తిరించినవి, కొన్ని కల్తీవి. సరాఫు ప్రతి హొన్నునూ ఒరగల్లు మీద గీసి, గీత రంగు చూసి, తూకం వేసి, అప్పుడు వట్టం తీసి లెక్కగడతాడు. ఊళ్లో పది హొన్నులనుకున్నది రేవులో తొమ్మిదిన్నర అవుతుంది. ఒక రైతు బిడ్డ ముఖంలో రంగు మారడానికి ఇంతకంటే మంచి చోటు ఉండదు. జేబులోంచి డబ్బు తీసి ఇచ్చేయడంలో అదేమీ లేదు. జేబు కూడా తీసేయండి. నడుముకు కట్టిన వల్లువంలోంచి తీస్తాడు, పైగా అందరి ముందూ తీయడు.

మాటలు: కథ చెప్పేవాడివి వేరు, పాత్రవి వేరు

కథ చెప్పే గొంతు ఇవాళ్టి తెలుగులో ఉండొచ్చు. ఉండాలి కూడా. అయితే తిమ్మన్న కళ్లతో చూస్తున్నప్పుడు ఉపమానాలు తిమ్మన్నవే కావాలి. "కరెంటు తీగ తగిలినట్టు", "యంత్రంలా", "బొమ్మ తీసినట్టు" లాంటివి చెయ్యి రాస్తుండగానే దూరిపోతాయి. సముద్రాన్ని మొదటిసారి చూసినవాడికి తెలిసిన పెద్ద నీళ్లు పెన్న వరద, ఊరి చెరువు. అంతకు మించి పోల్చాలనిపిస్తే పోల్చడం మానేసి, కనపడింది రాయండి.

పాత్ర నోట్లో పెట్టే మాటలకు మంచి జల్లెడ మన కడపలోనే ఉంది. సి.పి. బ్రౌన్ 1852లో అచ్చువేసిన తెలుగు–ఇంగ్లీషు నిఘంటువులో చాలా మాటల పక్కన అది ఏ భాష నుంచి వచ్చిందో గుర్తు ఉంటుంది. 1854లో వచ్చిన మిశ్రభాషా నిఘంటువు అచ్చంగా పరాయి మాటల కోసమే. మీ మాట బ్రౌన్‌లో ఉన్నంత మాత్రాన 1640లో ఉన్నట్టు కాదు, మధ్యలో రెండు వందల ఏళ్లకు పైగా ఉంది. కానీ బ్రౌన్‌లో కూడా లేని మాట, లేదా ఆ అర్థంలో లేని మాట అయితే పాత్ర నోట్లోంచి వెంటనే తీసేయండి. మన వైపు ఊళ్ల పేర్లు, సుంకాల పేర్లు, కులవృత్తుల పేర్ల కోసం కడప కైఫియతులు చదవండి. అవీ 1800 తర్వాత రాయించినవే, అయినా ఊరి పెద్దలు పాత సంగతులు చెప్పుకొనే తీరు అందులో వినిపిస్తుంది.

ఇంగ్లీషు మాటలు ఎలాగూ తీసేస్తారు. దొరక్కుండా తప్పించుకునేవి అచ్చతెలుగులా, సంస్కృతంలా కనిపించే కొత్త మాటలు. సమాజం, ఆర్థిక పరిస్థితి, అవకాశం ఇచ్చారు, బాధ్యత తీసుకున్నాడు, ధన్యవాదాలు. ఇవి పుస్తకం మాటలు, పత్రికల మాటలు. సాయం చేసినవాడికి తిమ్మన్న "మీ పుణ్యాన గట్టెక్కినాను సామీ" అంటాడు, లేదా ఏమీ అనకుండా దణ్ణం పెడతాడు. మరోవైపు పారశీక మాటలకు భయపడకండి. గోల్కొండ రేవులో హవాల్దారు, షాబందరు, సరాఫు, హుకుం అన్నవి రోజూ వినిపించే మాటలు. అవే మాటల్ని 1244లో గణపతిదేవుడు అభయశాసనం వేయించిన మోటుపల్లి రేవులోకి తీసుకుపోతే మాత్రం తప్పవుతాయి. మాట పాతదైతే చాలదు, ఆ రాజ్యానిది కూడా కావాలి.

ఇంకొక ప్రమాదం దీనికి వ్యతిరేక దిక్కు నుంచి వస్తుంది. కాలం చూపించాలన్న ఆదుర్దాతో తిమ్మన్న చేత పద్యనాటకం భాష మాట్లాడించడం. గ్రాంథికం ఆనాడు కూడా రాతభాషే. రేవులో బేరమాడే మనిషి పొడిపొడి మాటలు మాట్లాడతాడు. మన సీమ యాసను లోతుగా కాకుండా కాస్త రుచిగా వాడుకోండి. దుబాసిది తీరం యాస. ఇద్దరి తేడా వినిపిస్తే ఎవరు ఎక్కడివాళ్లో వేరే చెప్పక్కర్లేదు.

అన్నిటికంటే కష్టమైనది: మనసు

"ఈ తెల్లవాళ్లు మన దేశాన్ని దోచుకుపోతున్నారు." ఈ వాక్యంలో తప్పు మాట ఒక్కటీ లేదు. తప్పంతా దాని వెనక ఉన్న జ్ఞానంలో ఉంది. తర్వాత రెండు వందల ఏళ్లలో జరిగిందంతా తిమ్మన్నకు తెలిసిపోయింది. 1640లో మచిలీపట్నంలో ఇంగ్లీషువాళ్లు పాలకులు కారు, అక్కడి వర్తకుల్లో ఒక గుంపు. సుంకాల మాఫీ కోసం సుల్తాను ఫర్మానా పట్టుకొని తిరిగేవాళ్లు. 1628లో స్థానిక అధికారులతో పడక ఊరే వదిలి దుగరాజపట్నం పోయారు, రెండేళ్లకు తిరిగి వచ్చారు. వాళ్లకంటే డచ్చివాళ్ల వ్యాపారం పెద్దది. పారశీక వర్తకులకు, సుల్తానుకు కూడా సొంత ఓడలు ఉండేవి. తిమ్మన్న దృష్టిలో తెల్లవాడు నిలబెట్టి డబ్బు ఇచ్చే బేరగాడు, లేదా ఇవ్వని బేరగాడు.

మరి అతని కోపం ఎవరి మీద? హవాల్దారు మీద. రేవు పెత్తనాన్ని ఏడాదికింత అని గుత్తకు తీసుకొని, ఆ డబ్బు రాబట్టడానికి అందరినీ పిండేవాళ్లు. ఆ కోపం కూడా మనం "అవినీతి" అంటే వచ్చే కోపం కాదు. కానుక ఇవ్వడం మామూలే. పోయిన ఏడాది కంటే ఎక్కువ అడిగాడన్నది కోపం. ఆ తేడా పట్టుకుంటే పాత్ర ఆ కాలంలో నిలబడుతుంది.

ముందు జరగబోయేది పాత్రకు తెలియకూడదు, మీకు మాత్రం తెలియాలి. 1630లలో ఇదే మచిలీపట్నంలో హవాల్దారుగా చేసిన మీర్ జుమ్లా 1650 ప్రాంతంలో గండికోటను పట్టుకున్నాడు. తిమ్మన్న ఆ పేరును సుంకం గొణుగుడుతో కలిపి ఒక్కసారి అంటే చాలు. తెలిసిన పాఠకుడికి గుండె ఝల్లుమంటుంది. "ఇతను ఏదో ఒకరోజు మన సీమ మీదికి వస్తాడు" అని మాత్రం అనిపించకండి.

సముద్రం పట్ల మనసు కూడా మారింది. సముద్రం చూడగానే నీళ్లలోకి పరిగెత్తడం, అలలతో ఆడుకోవడం ఇవాళ్టి సంగతి. సముద్రాన్ని పర్వదినాల్లో తప్ప ముట్టుకోకూడదన్న నమ్మకం మన పెద్దల్లో ఇప్పటికీ ఉంది. తిమ్మన్న నీటి అంచుకు ఇవతలే నిలబడి దణ్ణం పెడతాడు.

ఎర్రచందనం గురించి మన కడపవాళ్లకు ప్రత్యేకంగా చెప్పాలి. ఈ కాలపు కథల్లో అది కనపడగానే రాత్రి, అడవి, దొంగతనం వచ్చేస్తాయి. 17వ శతాబ్దంలో అది రంగు కోసం తీరం నుంచి ఐరోపాకు పోయిన మామూలు సరుకు. పట్టపగలు తూకం వేసి, సుంకం కట్టి అమ్ముకునేది. దాన్ని చూసి ఎవరూ గొంతు తగ్గించి మాట్లాడరు.

కొన్ని మనస్తత్వాలు మనకు మింగుడుపడవు. కరువు ఏళ్లలో ఈ తీరం నుంచి మనుషుల్ని కొని బటావియా, అంటే ఇవాళ్టి జకార్తా, వైపు ఓడల్లో తీసుకుపోయారు. తిమ్మన్న దాన్ని చూసి మన తరఫున ఉపన్యాసం ఇస్తే నమ్మబుద్ధి కాదు. పట్టించుకోకుండా పోతే రచయిత సమర్థించినట్టు అనిపిస్తుందేమోనని మనకు భయం. మధ్యలో దారి ఉంది. అతను చూస్తాడు, తన ఊళ్లో అప్పులో ఉన్న మనిషి ఒకడు గుర్తొస్తాడు, చూపు తిప్పుకుంటాడు. తీర్పు పాఠకుడు ఇచ్చుకుంటాడు.

ఇప్పుడు తిరగరాద్దాం

"పొద్దెక్కుతున్నా పుష్యమాసపు చలి వదల్లేదు. తిమ్మన్నకు ఓడ కనపడలేదు. నీళ్ల చివర మూడు కొయ్యలు నిలబడి ఉన్నాయి, అంతే.

'అదేనా సామీ, మోఖాకు పొయ్యేది?'

దుబాసి తలెత్తలేదు. సరాఫు ఒరగల్లు మీద ఆరో హొన్ను గీస్తున్నాడు. అంతకుముందు గీసిన అయిదు గీతలూ పసుపుపచ్చగా ఉన్నాయి. ఇది కాస్త ఎర్రబడింది. సరాఫు దాన్ని వేరే కుప్పలో పెట్టాడు.

'పోటు వచ్చేలోపు నీ మూటలు పడవెక్కాలి తిమ్మన్నా. ఈ పోటు తప్పితే మళ్లీ రేపు పొద్దుటికే' అన్నాడు దుబాసి.

'హవాల్దారు మనుషులు వదిల్తే గదా. మూటకు పోయినేడు కంటే రెండు రూకలు ఎక్కువడుగుతుండారు.'

'నన్నూ అడిగారు. ఇచ్చాను.'

తిమ్మన్న వల్లువం ముడి మీద చెయ్యి వేసి, అటూ ఇటూ చూసి, చెయ్యి తీసేశాడు. పడవలో ఒక కుర్రాడు కొబ్బరి చిప్పతో నీళ్లు తోడిపోస్తున్నాడు. ఎంత తోడినా అడుగున తడి తళతళలాడుతూనే ఉంది. ఆ తడి మీదే తన మొదటి మూట దించారు."

మొదటి పేరాకు, దీనికి తేడా గమనించండి. ఇందులో ఏ సంవత్సరమన్నది ఒక్కచోట కూడా రాయలేదు. కోట లేదు, జెండా లేదు, తెల్లవాడు కూడా లేడు. ఆ కాలపు ప్రత్యేకమైన వస్తువులు నాలుగైదే ఉన్నాయి, ప్రతి దానితో ఎవరో ఒకరు పని చేస్తున్నారు. ఒరగల్లు అంటే ఏమిటో వివరణ లేదు, గీత రంగు మారడం చూసి పాఠకుడు తెలుసుకుంటాడు. వాడని వివరాలు మీ కాగితాల్లోనే ఉండనివ్వండి, ఇంకో దృశ్యానికి పనికొస్తాయి.

అచ్చుకు ఇచ్చే ముందు

రాసింది రెండు రోజులు పక్కన పెట్టి మూడుసార్లు చదవండి, మూడూ వేరువేరుగా. మొదటిసారి నామవాచకాలే చూడండి: వస్తువులు, ఊళ్లు, పదవులు. రెండోసారి సంభాషణలు పైకి చదవండి. సినిమా డైలాగులా వినిపించిన వాక్యం దాదాపు ఎప్పుడూ తప్పు కాలపుదే అయి ఉంటుంది. మూడోసారి పాత్రల కోపం, భయం, ఆశ ఎక్కడెక్కడ ఉన్నాయో గుర్తు పెట్టి, ఒక్కొక్క దాని పక్కన "ఇది వీడికి ఎలా తెలుసు?" అని రాసుకోండి. జవాబు "నేను బడిలో చదువుకున్నాను కాబట్టి" అయితే ఆ వాక్యం కొట్టేయాలి.

ఏదైనా వస్తువు పేరు ఎంత వెతికినా తేలకపోతే ఊహించి పాత మాటలా వినిపించేది తయారు చేయకండి. "చిన్న పడవ", "మందపాటి గుడ్డ", "అధికారి మనుషులు" అని మామూలుగా రాసి ముందుకు పొండి. చివరగా, మచిలీపట్నం వైపు సముద్రం మీద పని చేసే పెద్దమనిషి ఎవరైనా తెలిస్తే పోటు, మేట, పడవ ఉన్న వాక్యాలు మాత్రం వాళ్లకు చదివి వినిపించండి. పోటు సమయంలో నీళ్లు ఏటిలోకి ఎక్కుతుంటే పడవ ఎలా బయటికి పోయింది అని వాళ్లు అడగొచ్చు. అప్పుడు నిండు పోటు మీద మేట దాటించి, పాటు మొదలవగానే ఆ లాగుడుతో సముద్రంలోకి పంపించేలా ఆ వాక్యం మార్చుకోవాల్సి వస్తుంది.